పై చదువుకు డబ్బు కావాలని అమ్మానాన్నలకు మెసేజ్ ఎలా రాయాలి: లెక్క వేయడం నుంచి జవాబు వచ్చేదాకా

డిగ్రీ అయిపోయి ఐసెట్ రాసిన పిల్లలు ఏటా ఇదే అడుగుతున్నారు. "ఇంట్లో డబ్బు అడగాలి సార్, ఫోన్ చేస్తే మాట రావడం లేదు. మెసేజ్ పెడదామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు." తిరుపతిలో హాస్టల్‌లో ఉంటూ, ఇల్లు పాకాల వైపో పుత్తూరు వైపో పలమనేరు వైపో ఉన్నవాళ్లు ఎక్కువగా అడుగుతారు. అందుకే ఒక్క ఇంటి లెక్క తీసుకుని మొదటినుంచి చివరిదాకా రాస్తున్నాను.

మన ఉదాహరణలో ఇల్లు పాకాల దగ్గర ఒక పల్లె. రెండున్నర ఎకరాల తోతాపురి తోట, రెండు ఆవులు. అమ్మ డ్వాక్రా సంఘంలో ఉంది. తమ్ముడు ఇంటర్ రెండో ఏడాది. అమ్మాయి బీఎస్సీ కంప్యూటర్స్ చేసి, ఏడాదిగా తిరుపతిలో ఒక ఆఫీసులో డేటా ఎంట్రీ పని చేస్తోంది. ఐసెట్‌లో ర్యాంకు వచ్చింది, రెండేళ్ల ఎంసీఏలో చేరాలనుకుంటోంది. ఇక్కడ వాడిన అంకెలు లెక్క ఎలా వేయాలో చూపించడానికి తీసుకున్నవి. మీ కాలేజీ ఫీజు, మీ హాస్టల్ రేటు మీరు కనుక్కుని వేసుకోండి.

## 1. ఎప్పుడు పంపాలి: వెబ్ ఆప్షన్ల కంటే ముందు

చాలామంది సీటు వచ్చాక అడుగుతారు. అప్పటికి ఆలస్యమైనట్టే. సీటు అలాట్‌మెంట్ అయ్యాక కాలేజీలో రిపోర్టు చేయడానికి కొద్ది రోజులే గడువు ఉంటుంది. ఆ సమయంలో "శుక్రవారం లోపల కట్టాలి నాయనా" అంటే అది అడగడం కాదు, ఇరకాటంలో పెట్టడం. ఆ తొందరలో తండ్రి ఊళ్లో వడ్డీకి తెచ్చేస్తాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే 30,000కు నెలకు 600, ఏడాదికి 7,200. ఆ భారం మీ మెసేజ్ ఆలస్యం వల్ల పడిందే.

కౌన్సెలింగ్ వరుస ఇలా ఉంటుంది: రిజిస్ట్రేషన్, సర్టిఫికెట్ల పరిశీలన, వెబ్ ఆప్షన్లు, సీటు అలాట్‌మెంట్, కాలేజీలో చేరడం. ర్యాంకు వచ్చాక, ఆప్షన్లు పెట్టడానికి కనీసం రెండు మూడు వారాల ముందు మీ మెసేజ్ ఇంటికి చేరాలి. ఇంట్లో ఎంత వీలవుతుందో ముందే తెలిస్తే, ఏ ఫీజు దాకా ఉన్న కాలేజీలను ఆప్షన్లలో పెట్టాలో మీకూ తెలుస్తుంది.

ఇంటి డబ్బుకూ ఒక క్యాలెండర్ ఉంటుంది, అది చూసుకోండి. మామిడి కోతలు జూన్, జులైలో జోరుగా ఉంటాయి. పల్ప్ ఫ్యాక్టరీకి తోలిన కాయ డబ్బు అదే రోజు చేతికి రాదు. పాల బిల్లు మాత్రం పదిహేను రోజులకోసారి వస్తుంది. కాయ లోడు వెళ్లిన రోజు, ధర పడిపోయిందని ఇంట్లో దిగులుగా ఉన్న రోజు, తమ్ముడి ఫీజు కట్టిన రోజు పంపకండి. సాయంత్రం పాలు పోసి వచ్చి, భోజనాలు అయ్యాక చదువుకునేలా పంపితే మంచిది.

## 2. రాసే ముందు: కాగితం మీద మూడు లెక్కలు

మెసేజ్ బాగా రావడం, రాకపోవడం ఇక్కడే తేలిపోతుంది. మాటలు ఎంత మర్యాదగా ఉన్నా లెక్క తేలకపోతే తండ్రికి ఏమి చెప్పాలో తోచదు. లెక్క తేలాక మాటలు వాటంతట అవే చిన్నవవుతాయి.

మొదటి లెక్క: రెండేళ్లకు మొత్తం ఖర్చు. మొదటి ఏడాది ఫీజు మాత్రమే చెప్పి, తర్వాత ఒక్కొక్కటిగా బయటపెట్టడం ఇంట్లో నమ్మకాన్ని పోగొడుతుంది. కోర్సు పూర్తయ్యేదాకా వేయండి.

- కాలేజీ ఫీజు: ఏడాదికి 60,000, రెండేళ్లకు 1,20,000
- హాస్టల్, భోజనం: నెలకు 6,000, ఏడాదికి పది నెలలు, రెండేళ్లకు 1,20,000
- పుస్తకాలు, రికార్డులు, పరీక్ష ఫీజులు: ఏడాదికి 10,000, రెండేళ్లకు 20,000
- లాప్‌టాప్: 40,000
- బస్సు, ఫోన్: నెలకు 1,000, ఏడాదికి పది నెలలు, రెండేళ్లకు 20,000
- మొత్తం: 3,20,000

కాలేజీ ఫీజు ఎంతో సీనియర్లను అడిగి రాయకండి. కాలేజీకి వెళ్లి ఫీజు వివరాలు లెటర్‌హెడ్ మీద ఇమ్మని అడగండి. ట్యూషన్ ఫీజు కాకుండా ఇంకేమి కట్టాలి, విడతలుగా కట్టవచ్చా అనేవి కూడా అక్కడే కనుక్కోండి. రేపు బ్యాంకుకు వెళ్లినా మొదట అడిగేది ఆ కాగితమే.

రెండో లెక్క: ఇంటిని అడగకుండా వచ్చేది. ఈ అమ్మాయి దగ్గర జీతంలో దాచుకున్న 50,000 ఉంది. లాప్‌టాప్‌కు 40,000, మొదటి ఏడాది పుస్తకాలు, పరీక్ష ఫీజులకు 10,000 అందులోంచే పోతాయి. బస్సు, ఫోన్ ఖర్చు 20,000 ఆదివారాలు ట్యూషన్లు చెప్పి తెచ్చుకుంటుంది. కాలేజీ ఫీజు 1,20,000కు బ్యాంకులో చదువు లోన్ పెడుతుంది.

లోన్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే పిల్లలు దీన్ని తప్పుగా రాస్తారు. "ఫీజుకు నేనే లోన్ తీసుకుంటాను, మీకేమీ ఇబ్బంది లేదు" అనేస్తారు. బ్యాంకుల మామూలు విద్యా రుణ పథకంలో 4 లక్షల దాకా తాకట్టు గానీ బయటివాళ్ల హామీ గానీ అడగరు. మన వాటాగా ముందు కొంత డబ్బు పెట్టమని కూడా అనరు. కానీ అమ్మానాన్నల్లో ఒకరు మీతో కలిసి సంతకం పెట్టాలి. మీరు కట్టకపోతే బ్యాంకు వాళ్లనూ అడుగుతుంది. చదువుతున్నంత కాలం, ఆ తర్వాత ఇంకో ఏడాది దాకా కంతులు మొదలవకపోయినా వడ్డీ మాత్రం లెక్కకు ఎక్కుతూనే ఉంటుంది. అంటే లోన్ అడగడం కూడా ఇంటిని అడగడమే. ఆ సంతకం సంగతి మెసేజ్‌లో ఉండాలి. లేకపోతే బ్యాంకు మేనేజర్ ముందు కూర్చున్నప్పుడు మీ నాన్నకు మొదటిసారి తెలుస్తుంది.

కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉంటే చదువు కాలానికి వడ్డీ రాయితీ ఇచ్చే కేంద్ర పథకం ఉంది. అన్ని కోర్సులకూ, అన్ని కాలేజీలకూ అది వర్తించదు. మీ కాలేజీకి వర్తిస్తుందో లేదో బ్యాంకులో అడిగి, అవునన్నాకే రాయండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ విషయంలోనూ అంతే. వస్తుందని ఎవరో చెప్పినదాన్ని లెక్కలో కలపకండి. వస్తే ఆ మేరకు లోన్ తగ్గుతుంది, అంతవరకే.

మూడో లెక్క: మిగిలింది, అంటే అడగాల్సింది. 3,20,000లో 50,000 పోగా, 20,000 పోగా, 1,20,000 పోగా మిగిలేది 1,30,000. అది దేనికో కూడా స్పష్టంగా ఉంది: రెండేళ్ల హాస్టల్ 1,20,000, రెండో ఏడాది పుస్తకాలు, పరీక్ష ఫీజులు 10,000. మెసేజ్‌లో మీరు అడిగే అంకె ఇదొక్కటే. మొత్తం ఖర్చును అడిగే డబ్బులా రాస్తే ఇంట్లో గుండె గుభేలుమంటుంది.

ఇప్పుడు ఆ 1,30,000ను ఎప్పుడెప్పుడు కావాలో విడగొట్టండి.

- చేరేటప్పుడు, ఆగస్టులో: 30,000
- సంక్రాంతి దాటాక: 30,000
- రెండో ఏడాది మొదట్లో: 40,000
- ఆ తర్వాతి సంక్రాంతి దాటాక: 30,000

ఆగస్టు నాటికి మామిడి డబ్బు ఎంతో కొంత చేతికి వచ్చి ఉంటుంది. సంక్రాంతి అప్పుడు తోటలోంచి వచ్చేదేమీ ఉండదు, పాల బిల్లే దిక్కు. అందుకని హాస్టల్‌లో ముందే అడగండి, "జనవరి నుంచి నెలనెలా కడితే ఒప్పుకుంటారా?" అని. ఒప్పుకుంటే 30,000 ఒక్కసారి కాకుండా నెలకు 6,000 చొప్పున ఐదు నెలలు అవుతుంది. ఆవులున్న ఇంటికి ఈ రెండింటి మధ్య చాలా తేడా ఉంది. ఇలాంటి ఒక్క వాక్యం చదివితే మీరు ఇంటి పరిస్థితి చూసి అడుగుతున్నారని వాళ్లకు అర్థమవుతుంది. మర్యాద పదాలు పది పెట్టినా అంత రాదు.

మొదటి విడత ఫీజుకు ఒక చిక్కు ఉంది. లోన్ మంజూరు కావడానికి వారాలు పట్టవచ్చు, కాలేజీ అంతదాకా ఆగదు. ఈ అమ్మాయి కనుక్కున్నదేమిటంటే, కాలేజీ ఏడాది ఫీజును రెండు విడతలుగా తీసుకుంటుంది. మొదటి 30,000 తను దాచుకున్న డబ్బులోంచి కడుతుంది. రసీదు చూపిస్తే ఆ మొత్తాన్ని లోన్‌లో కలుపుతామని బ్యాంకులో చెప్పారు. ఆ డబ్బు తిరిగి వచ్చాకే లాప్‌టాప్ కొంటుంది. మీ బ్యాంకు అలా కలుపుతుందో లేదో ఫీజు కట్టకముందే అడగండి. కలపదంటే మీరు అడగాల్సిన అంకె మారిపోతుంది.

## 3. ఎవరికి, ఏ పిలుపుతో

ఇద్దరికీ కలిపి రాయండి. నాన్నకు ఒక్కరికే పంపితే అమ్మకు ఆ మాట అరకొరగా చేరుతుంది. చాలా ఇళ్లలో చీటీ డబ్బు, సంఘం పొదుపు, పాల బిల్లు చూసేది అమ్మే. ఆమెకు తెలియకుండా ఏ నిర్ణయమూ జరగదు. ఇద్దరికీ రాయడంలో ఇంకో సౌలభ్యం ఉంది. అమ్మను "నువ్వు" అని, నాన్నను "మీరు" అని పిలిచే ఇంట్లో ఇద్దరినీ ఉద్దేశించి "మీరు" అంటే సహజంగా ఉంటుంది, ఎబ్బెట్టుగా ఉండదు.

ఇంట్లో "నాయనా" అని పిలిస్తే అలాగే రాయండి. "పూజ్యులైన తల్లిదండ్రులకు నమస్కరించి వ్రాయునది" అని మొదలుపెడితే, పిల్లకు ఏమైందోనని కంగారు పడతారు. గౌరవం పిలుపులో, "అడుగుతున్నాను", "ఆలోచించి చెప్పండి" అనే క్రియల్లో వస్తే చాలు.

తెలుగు లిపిలోనే రాయండి. ఇంగ్లీషు అక్షరాలతో రాసిన తెలుగును ఫోన్‌లో కూడబలుక్కుని చదివేటప్పుడు అంకెలు, తేదీలు తారుమారవుతాయి. మెసేజ్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి. పెదనాన్న, మేనమామ ముందు మీ నాన్న "సరే" అనాల్సి రావడమో "లేదు" అనాల్సి రావడమో, రెండూ ఆయనకు ఇబ్బందే.

వాళ్లకు చదవడం కష్టమైతే తమ్ముడి చేత చదివించకండి. వాడు మధ్యలో తన మాట కలుపుతాడు, పైగా వాడి ఫీజు సంగతీ ఇందులో ఉంది. ఇదే వరుసలో వాయిస్ మెసేజ్ పెట్టండి. మూడు నిమిషాలు దాటకూడదు. అంకెలను రెండుసార్లు చెప్పండి.

## 4. మెసేజ్‌లో ఏది ముందు, ఏది తర్వాత

1. పిలుపు, ఎందుకు రాస్తున్నానో ఒక్క వాక్యం.
2. ఏ చదువు, ఎన్నేళ్లు, మీ దగ్గరనుంచి ఎంత. ఇది మూడో నాలుగో వాక్యానికల్లా వచ్చేయాలి.
3. ఈ చదువు ఎందుకు. మీ పనిలో కళ్లారా చూసిన కారణం ఒక్కటి చాలు.
4. మొత్తం ఖర్చు, అందులో ఎవరి వాటా ఎంత.
5. ఎప్పుడెప్పుడు ఎంత.
6. సంతకం లాంటి డబ్బు కాని అవసరాలు.
7. ఏమి చేయొద్దో: వడ్డీకి తేవద్దు, నగలు పెట్టొద్దు. కుదరకపోతే ఉన్న ఇంకో దారి.
8. ఎప్పటిలోగా తెలియాలి, ఎప్పుడు కూర్చుని మాట్లాడదాం.

రెండో అంశం దగ్గర చాలామంది తడబడతారు. అడగడానికి మొహమాటపడి మొదట ఇంటి కష్టాలు, తర్వాత చిన్నప్పటి మాటలు, తర్వాత స్నేహితుల సంగతులు రాసి, డబ్బు మాట ఆఖర్లో పెడతారు. చదివేవాళ్లకు ఏదో చెడ్డ కబురు రాబోతోందని మొదటి నుంచే టెన్షన్. అంకె ముందే తెలిస్తే మిగతాదంతా నింపాదిగా చదువుతారు.

ఏడో అంశం ఇంట్లో ఆడపిల్లల విషయంలో మరీ అవసరం. కూతురి పెళ్లికని దాచిన డబ్బో బంగారమో చాలా ఇళ్లలో ఉంటుంది. మీరు అడిగింది చదవగానే అమ్మ మనసు దాని మీదికే పోతుంది. దాన్ని కదిలించమని అడుగుతున్నారా, వద్దంటున్నారా అనేది మీరే చెప్పేయండి.

## 5. పూర్తి మెసేజ్

> అమ్మా, నాయనా,
>
> మీ ఇద్దరినీ ఒక విషయం అడగాలని రాస్తున్నాను. కంగారు పడాల్సిందేమీ లేదు, తీరిగ్గా చదవండి.
>
> నాకు రెండేళ్ల ఎంసీఏ చదవాలని ఉంది. దానికి మీ దగ్గరనుంచి రెండేళ్లలో కలిపి 1,30,000 రూపాయలు, అంటే లక్షా ముప్పై వేలు అడుగుతున్నాను. ఒక్కసారిగా కాదు, నాలుగు విడతల్లో.
>
> ఇప్పుడు చేస్తున్న డేటా ఎంట్రీ పనిలో జీతం పెద్దగా పెరగదు. మా ఆఫీసులోనే ప్రోగ్రామింగ్ వైపు తీసుకునేటప్పుడు ఎంసీఏ గానీ బీటెక్ గానీ అడుగుతున్నారు. అందుకే ఈ చదువు అనుకున్నాను.
>
> రెండేళ్లకు మొత్తం ఖర్చు 3,20,000. అందులో:
> కాలేజీ ఫీజు 1,20,000 – బ్యాంకు లోన్. ఉద్యోగం వచ్చాక కంతులు నేను కడతాను.
> లాప్‌టాప్, మొదటి ఏడాది పుస్తకాలు, పరీక్ష ఫీజులు 50,000 – నేను దాచుకున్న డబ్బు.
> బస్సు, ఫోన్ 20,000 – ట్యూషన్లు చెప్పి నేనే చూసుకుంటాను.
> హాస్టల్ 1,20,000, రెండో ఏడాది పుస్తకాలు, పరీక్ష ఫీజులు 10,000 – ఈ 1,30,000 మిమ్మల్ని అడుగుతున్నాను.
>
> ఈ ఆగస్టులో 30,000, సంక్రాంతి దాటాక 30,000, వచ్చే ఆగస్టులో 40,000, ఆ పై సంక్రాంతి దాటాక 30,000 కావాలి. సంక్రాంతి విడతలు నెలకు 6,000 చొప్పున పంపినా హాస్టల్‌లో ఒప్పుకుంటారు.
>
> లోన్‌కు నాయన సంతకం కావాలి. తోట కాగితాలు పెట్టాల్సిన పని లేదని బ్యాంకులో చెప్పారు. నేను కట్టకపోతే మిమ్మల్ని అడుగుతారు, అందుకే ముందే చెబుతున్నాను.
>
> దీనికోసం ఎవరి దగ్గరా వడ్డీకి తేవద్దు. అమ్మ నగలు పెట్టొద్దు. తమ్ముడి ఫీజు ఆపొద్దు. మీకు ఇంత వీలు కాకపోతే ఎంత వీలవుతుందో చెప్పండి. హాస్టల్ ఖర్చు కూడా లోన్‌లో పెట్టుకోవచ్చు.
>
> వచ్చే నెల 20వ తేదీ లోపల కాలేజీల పేర్లు పెట్టాలి. ఈ ఆదివారం ఇంటికి వస్తాను, ఫీజు కాగితం, బ్యాంకు కాగితం తెస్తాను. అప్పటిదాకా మీరిద్దరూ మాట్లాడుకోండి. ఫోన్‌లో ఇప్పుడే చెప్పాల్సిన పనిలేదు.
>
> మీ పాప

ఇందులో "ఉద్యోగం రాగానే మీ డబ్బంతా తిరిగి ఇచ్చేస్తాను" అనే వాక్యం కావాలనే పెట్టలేదు. లోన్ కంతులు తను కడతానంది, అది తన బాధ్యత. అమ్మానాన్నలిచ్చిన దాన్ని కూడా అప్పులా మాట్లాడితే చాలామంది నొచ్చుకుంటారు. నిజంగా తిరిగి ఇవ్వాలనుకుంటే తమ్ముడి పై చదువుకు సాయం చేస్తానని ఎదురుగా కూర్చున్నప్పుడు చెప్పుకోవచ్చు.

అబ్బాయి రాస్తే వరుస ఇదే. నగల మాట బదులు ఆవులు అమ్మొద్దనో, గుత్తకు తోట ఇవ్వొద్దనో మీ ఇంటికి తగినది రాయండి.

## 6. తరచూ జరిగే తప్పులు, సవరణలు

"ఎంతో కొంత పంపండి." వినయంగా అనిపిస్తుంది గానీ ఇంట్లో ఎవరికీ ఏమీ తేలదు. "చేరేటప్పుడు 30,000 కావాలి, 20,000 వీలైనా మిగతాది సర్దుకోగలను" అని రాయండి. సర్దుకోగలిగితేనే ఆ మాట రాయండి.

పక్కింటి పోలిక. "మామ వాళ్లబ్బాయిని బెంగళూరులో చదివిస్తున్నారు" అనే వాక్యం ఉంటే తీసేయండి. జవాబు మీ చదువు గురించి కాకుండా మామ గురించి వస్తుంది.

భయపెట్టడం. "ఇది లేకపోతే నా జీవితం అయిపోయినట్టే" అని రాస్తే వాళ్లు ఒప్పుకోవచ్చు, కానీ తాహతుకు మించి ఒప్పుకుంటారు. ఆ వాక్యం స్థానంలో సీటు ఈ ఏడాది వదిలేస్తే ఏమవుతుందో ఉన్నదున్నట్టు రాయండి: "ఇప్పుడు కుదరకపోతే ఇంకో ఏడాది ఉద్యోగం చేసి మళ్లీ ఐసెట్ రాస్తాను."

దాచిపెట్టడం. డిగ్రీలో సబ్జెక్టు మిగిలి ఉంటేనో, ఆఫీసులో ఉద్యోగం మానేసి ఉంటేనో చెప్పేయండి. డబ్బు ఇచ్చాక తెలిస్తే తర్వాతి విడత దగ్గర ప్రతి రూపాయికీ సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

ఫీజు కాగితం ఫోటో మాత్రమే పంపడం. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితం చూసి మీ నాన్న ఎవరినో అడగాలి. లెక్క మెసేజ్‌లో ఉండాలి, కాగితం చేతికి ఆదివారం ఇవ్వాలి.

## 7. పంపేముందు ఒకసారి

- అడిగే అంకె ఒక్కటేనా? అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉందా?
- విడతలన్నీ కూడితే ఆ అంకె వస్తోందా? (30,000 + 30,000 + 40,000 + 30,000 = 1,30,000)
- వాటాలన్నీ కూడితే మొత్తం ఖర్చు వస్తోందా?
- సంతకం సంగతి ఉందా?
- కాదనడానికి, తగ్గించి చెప్పడానికి వాళ్లకు చోటు ఉందా?
- గడువు తేదీ, ఇంటికి వచ్చే రోజు ఉన్నాయా?
- నాలుగో వాక్యం లోపల డబ్బు మాట వచ్చిందా?

కూడికలు తప్పకుండా చూసుకోండి. రైతు ఇంట్లో లెక్క నోటితోనే వేస్తారు, వెయ్యి రూపాయల తేడా ఉన్నా ఇట్టే పట్టేస్తారు.

## 8. జవాబు వచ్చాక

చదివినట్టు కనిపించి జవాబు రాకపోతే రెండో మెసేజ్ పెట్టకండి. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారు. మరుసటి రోజు మామూలుగా ఫోన్ చేసి ఆవుల సంగతి, తమ్ముడి సంగతి మాట్లాడండి. వాళ్లు ఎత్తకపోతే మీరు డబ్బు మాట ఎత్తకండి. ఆదివారం అన్నారు కాబట్టి ఆదివారమే.

"చూద్దాంలే" అంటే. అది అవునూ కాదు, కాదూ కాదు. ఎక్కువసార్లు ఆగస్టు విడత దగ్గరే వాళ్ల అనుమానం ఉంటుంది. ఇంటికి వెళ్లినప్పుడు నాలుగు విడతలూ కాకుండా ఆ ఒక్క విడత గురించే అడగండి: "ఆగస్టులో ముప్పై వేలు కష్టమా నాయనా? పాల డబ్బు మీద నెలనెలా అయితే వీలవుతుందా?"

"ఇంత కాదు, ఎనభై వేలు చూస్తాం" అంటే. అక్కడికక్కడే "మిగతాది ఎలా?" అని అడగకండి. తేడా 50,000. చదువు లోన్‌లో హాస్టల్ ఖర్చు కూడా పెట్టుకోవచ్చు కాబట్టి లోన్ 1,20,000 నుంచి 1,70,000 అవుతుంది. అది 4 లక్షల లోపే, తాకట్టు మాట రాదు. కానీ తీర్చాల్సిన అప్పు, వడ్డీ పెరుగుతాయి. ఈ మార్పుతో లెక్క మళ్లీ రాసి, కొత్త విడతలతో చిన్న మెసేజ్ పంపండి. పాత మెసేజ్‌లో ఉన్న అంకెలు ఇక చెల్లవని అందులో రాయండి. రెండు లెక్కలు ఫోన్‌లో ఉంటే సంక్రాంతి అప్పుడు ఏది అసలుదో అని గొడవ వస్తుంది.

"సంబంధాలు చూస్తున్నాం కదా" అంటే. ఇది డబ్బు ప్రశ్న కాదు, మెసేజ్‌లో తేలదు. ఫోన్‌లో వాదించకండి. ఇంట్లో కూర్చుని, చదువు ఎప్పుడు పూర్తవుతుందో నెలతో సహా చెప్పి, అంతదాకా ఆగగలరా అని ఇద్దరినీ అడగండి. అమ్మతో ముందు మాట్లాడితే మేలు. ఈ విషయంలో ఆమె భయాలు వేరు, నాన్న భయాలు వేరు. ఊళ్లో ఏమంటారోనన్నది ఒకరిదైతే, లోన్ ఉన్న పిల్లకు సంబంధం వస్తుందా అన్నది ఇంకొకరిది కావచ్చు. రెండో దానికి జవాబు లెక్కలోనే ఉంది: అప్పు ఎంత, కంతులు ఎప్పటినుంచి, కట్టేది ఎవరు.

"కుదరదు" అంటే. "సరే నాయనా, అర్థమైంది" అని, రెండో దారి గురించి ఒక్క ప్రశ్న మాత్రం అడగండి: లోన్‌కు సంతకం పెట్టడానికి అభ్యంతరం ఉందా? డబ్బు లేక కాదనడం, అప్పంటే ఇష్టం లేక కాదనడం వేరు వేరు. సంతకానికి ఒప్పుకుంటే హాస్టల్ కూడా కలిపి 2,40,000 లోన్ అడగవచ్చు. మిగిలిన 10,000 రెండో ఏడాది దాకా అవసరం లేదు. సంతకానికీ ఒప్పుకోకపోతే ఆ ఏడాది ఉద్యోగం చేసి దాచుకోవడం, తర్వాతి ఐసెట్‌కు మళ్లీ అడగడం ఉంటాయి.

డబ్బు వచ్చిన ప్రతిసారీ ఆ రోజే రసీదు ఫోటో పంపండి, కింద ఒక్క లైను రాయండి: "హాస్టల్‌కు 30,000 కట్టాను. మీరు ఇవ్వాల్సింది ఇంకా 1,00,000." రెండో ఏడాది 40,000 అడగాల్సినప్పుడు జూన్‌లోనే, మామిడి కోతల మధ్యలో కాకుండా నెల మొదట్లో, మార్కుల వివరంతో పాటు గుర్తు చేయండి. హాస్టల్ రేటు పెరిగితే ఎంత పెరిగిందో అందులోనే చెప్పండి.